పారదర్శకమైన పొరను కోసే వెలుగు

శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి కొన్ని నెలలకో, రెండు మూడేళ్లకో మళ్లీ చూపు మసకబారుతుంది. "పొర కట్టిందట, లేజర్ కొట్టించుకోవాలట" అంటుంటారు. నిజానికి శుక్లం తిరిగి రాదు. ఆపరేషన్‌లో డాక్టరు మసకబారిన కటకాన్ని తీసేసి, దాన్ని పట్టి ఉంచే పల్చటి సంచిని మాత్రం వదిలేస్తారు. ప్లాస్టిక్ లెన్సును ఆ సంచిలోనే కూర్చోబెడతారు. సంచిలో మిగిలిపోయిన కణాలు వెనకగోడ మీదికి మెల్లగా పాకి, గాజులా ఉండాల్సిన ఆ గోడను మసక అద్దంలా చేస్తాయి. ఆ గోడ మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల కిటికీ తెరిస్తే చూపు తిరిగి వస్తుంది.

కత్తి అక్కర్లేదు. రోగి గడ్డం ఆనించి కూర్చుంటాడు. డాక్టరు సూక్ష్మదర్శినిలోంచి చూస్తూ, పొర మీద పడుతున్న రెండు ఎర్ర చుక్కలు కలిసి ఒకటయ్యేదాకా యంత్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపి, మీట నొక్కుతారు. టప్‌మని సన్నటి చప్పుడు, పొరలో ఒక చిల్లు. ఇలాంటి దెబ్బలు కొన్ని పదులు పడేసరికి పని అయిపోతుంది. ఆ ఎర్ర చుక్కలు గురి చూసుకోవడానికే. కోసేది కంటికి కనిపించని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. అది వచ్చేది యాగ్ అనే స్ఫటికంలో కలిపిన నియోడిమియం అయాన్ల నుంచి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ కాంతిని కంటి ముందు భాగం దాదాపుగా పీల్చుకోదు. నల్లగుడ్డు మీది పారదర్శక పొర, లోపలి ద్రవం, ప్లాస్టిక్ లెన్సు, మసకబారిన గోడ, అన్నిట్లోంచీ దూసుకుపోతుంది. పీల్చుకోని వస్తువును వెలుగుతో వేడెక్కించలేం. వేడెక్కనిదాన్ని కాల్చలేం. మరి కోయడం ఎలా?

దారి ఒక్కటే. కాంతి తీవ్రతను అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయేంతగా పెంచాలి. చదరపు సెంటీమీటరుకు సుమారు పదివేల కోట్ల వాట్లు దాటితే, పారదర్శకమైన వస్తువు కూడా ఆ బిందువు దగ్గర ప్లాస్మా అవుతుంది. అది ఒక్కసారిగా వ్యాకోచించి చుట్టూ అఘాతతరంగం పంపుతుంది, ఒక బుడగ లేస్తుంది, పొర చిరుగుతుంది. రోగికి వినిపించే టప్ అదే. అయితే ఇంత తీవ్రత కోసం ఎక్కువ శక్తి పోస్తే వెనకున్న రెటీనాకు ముప్పు. శక్తి పెంచకుండా తీవ్రత పెంచాలంటే చోటును కుదించాలి, కాలాన్ని కుదించాలి. చోటును మైక్రాన్ల దాకా కుదించే పని లెన్సు చేస్తుంది. కాలాన్ని కుదించడానికి లేజర్‌వాళ్ల దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి క్యూ-స్విచింగ్, ఇంకొకటి మోడ్ లాకింగ్. 1980 ప్రాంతంలో ఈ కంటిపొర మీదే యూరప్‌లో ఇద్దరు డాక్టర్లు చెరొక పద్ధతి పట్టుకుని పనిచేశారు. పారిస్‌లో డానియెల్ అరోన్-రోసా మోడ్ లాకింగ్ లేజరును వాడారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫ్రాంజ్ ఫాంక్‌హౌసర్ క్యూ-స్విచింగ్ లేజరును వాడారు. స్ఫటికం ఇద్దరిదీ ఒకటే. దాని నుంచి వెలుగును రాబట్టిన తీరే వేరు.

ముందు మామూలు లేజర్ సంగతి. రెండు అద్దాల మధ్య స్ఫటికం ఉంటుంది. ఫ్లాష్ దీపం వెలుగుకు అందులోని అయాన్లు పై శక్తి స్థాయికి ఎక్కుతాయి. అద్దాల మధ్య పోయివచ్చే కాంతి వాటిని కిందికి దింపుతూ తాను బలపడుతుంది. ఒక రాకపోకలో చేరే కాంతి, అదే రాకపోకలో పోయే కాంతిని దాటగానే లేజర్ మొదలవుతుంది. తంటా అక్కడే. మొదలైన మరుక్షణం నుంచీ నిల్వ ఖర్చవుతూ ఉంటుంది, కాబట్టి పెద్ద నిల్వ ఎప్పటికీ పోగవదు. 1960లో థియోడర్ మేమన్ వెలిగించిన మొదటి రూబీ లేజరుదీ ఇదే కథ. దీపం వెలిగినంతసేపూ మైక్రోసెకను స్థాయి చిన్న చిన్న మెరుపులు, ఒక క్రమం లేకుండా, ఒకదాని వెనక ఒకటి వచ్చేవి.

నిల్వ నిండేదాకా లేజరును మొదలవనీయకుండా ఆపితే? 1961లో రాబర్ట్ హెల్వర్త్‌కు వచ్చిన ఊహ ఇది. మరుసటి ఏడాదే ఆయన, మెక్‌క్లంగ్ కలిసి రూబీ లేజరు మీద చేసి చూపించారు. రెండు అద్దాల మధ్య కాంతి ఎంత తక్కువ నష్టంతో తిరుగుతుందో చెప్పే కొలతను క్యూ అంటారు. దాన్ని కావాలని పాడుచేసి, సరైన క్షణంలో బాగుచేయడమే క్యూ-స్విచింగ్.

చేసే విధానం ఇదీ. ఒక అద్దం ముందు పోలరైజరు, పాకెల్స్ సెల్ అనే స్ఫటికపు ముక్క పెడతారు. సెల్‌కు కొన్ని వేల వోల్టులు ఇచ్చినంతసేపూ దాని గుండా అద్దం దాకా పోయి తిరిగివచ్చిన కాంతి కంపించే దిశ 90 డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. పోలరైజరు దాన్ని పక్కకు గెంటేస్తుంది. అంటే స్ఫటికం దృష్టిలో అటువైపు అద్దమే లేదు. అద్దం లేకపోతే లేజరూ లేదు. నియోడిమియం అయాన్లు పై స్థాయిలో సగటున 230 మైక్రోసెకన్లు నిలబడగలవు కాబట్టి ఈలోగా దీపం వాటిని నింపుకుంటూ పోతుంది. నిల్వ పతాకస్థాయికి చేరిన క్షణంలో కొన్ని నానోసెకన్లలో వోల్టేజీ తీసేస్తారు. అద్దం "కనిపిస్తుంది". స్ఫటికంలో తిరుగాడుతున్న కొద్దిపాటి ఫోటాన్లు రాకపోక రాకపోకకూ కొన్ని రెట్లు పెరిగి, కొన్ని పదుల నానోసెకన్లలో మహాప్రవాహమై, కూడబెట్టిన నిల్వనంతా ఊడ్చేస్తాయి.

కంటి యంత్రంలో ఆ పల్సులో ఉండేది 1 మిల్లీజౌల్ అనుకుందాం. ఒక గ్రాము నీటిని డిగ్రీలో నాలుగువేలో వంతు వేడెక్కించడానికి సరిపోయే శక్తి, అంతే. దీన్నే స్విచ్చు లేకుండా 200 మైక్రోసెకన్ల పాటు వదిలితే సామర్థ్యం 5 వాట్లు. క్యూ-స్విచింగ్‌తో 4 నానోసెకన్లలో వదిలితే 2.5 లక్షల వాట్లు. దాన్ని 10 మైక్రాన్ల చుక్క మీదికి తెస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 వేల కోట్ల వాట్లు. గడప దాటాం, ప్లాస్మా పుడుతుంది. పుట్టిన ప్లాస్మా వెనకాల వచ్చే కాంతిని చాలావరకు తానే మింగేస్తుంది. కాంతి కొస కూడా లెన్సు కుదించిన చోటు దాటగానే విచ్చుకుపోతుంది. రెటీనాకు రక్ష అదే.

ఈ 4 నానోసెకన్లను ఇంకా ఎందుకు తగ్గించరు? కాంతి నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. అద్దాల మధ్య 15 సెంటీమీటర్ల దూరం ఉంటే ఒక రాకపోకకు ఒక నానోసెకను. నిల్వ ఖాళీ కావడానికి ఇలాంటివి కొన్ని పట్టి తీరతాయి. లెక్కవేస్తే 4 నానోసెకన్ల పల్సు పొడవు 120 సెంటీమీటర్లు, అంటే తాను పుట్టిన పెట్టె కంటే ఎన్నో రెట్లు పొడవు. క్యూ-స్విచింగ్ పల్సు అద్దాల మధ్య పరుగెత్తే వస్తువు కాదు. అద్దాల మధ్య చోటంతా ఒకేసారి వెలిగి ఆరిపోవడం. అద్దాలను దగ్గరకు జరిపితే పల్సు పొట్టిదవుతుంది కానీ, కొన్ని రాకపోకల కాలం అనే హద్దును ఈ పద్ధతి దాటలేదు.

స్విచ్చు సరిగా పనిచేయకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. మూసి ఉన్నప్పుడు కాంతి కాస్త కారినా, అసలు పల్సుకు ముందే దొంగ పల్సు ఒకటి బయటపడి నిల్వను తినేస్తుంది. తెరుచుకోవడం ఆలస్యమైతే ఒక పల్సు బదులు రెండు వస్తాయి, రెండూ బలహీనమైనవే. ఒక్కో దెబ్బ శక్తి ఒక్కోలా కొలతకు రావడం మొదటి ఆనవాలు. ఫోటోడయోడును ఆసిలోస్కోపుకు తగిలిస్తే ఒక గూను పక్కన ఇంకో చిన్న గూను కనిపిస్తుంది.

ఇదే పల్సును ఇంకా చురుకైన పరికరంతో చూస్తే వేరే విషయం బయటపడుతుంది. నున్నటి గూను అనుకున్నది నిజానికి రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. మోడ్ లాకింగ్ కథ ఈ ఎగుడుదిగుడుల్లోనే మొదలవుతుంది.

రెండు అద్దాల మధ్య అన్ని రకాల తరంగాలూ నిలబడలేవు. ఆ దూరంలో సరిగ్గా ఇమిడేవే నిలుస్తాయి. వాటినే మోడ్‌లంటారు. అద్దాల మధ్య దూరం మీటరున్నర అయితే, పక్కపక్క మోడ్‌ల పౌనఃపున్యాల మధ్య తేడా 100 మెగాహెర్ట్జ్, ఎక్కడ చూసినా అదే ఎడం. స్ఫటికం ఎంత విశాలమైన పౌనఃపున్యాల మేర కాంతిని పెంచగలిగితే అన్ని మోడ్‌లు ఒకేసారి వెలుగుతాయి. నియోడిమియం యాగ్‌లో వెయ్యికి పైగా. టైటానియం కలిపిన నీలం స్ఫటికం, అంటే టైటానియం-సఫైర్‌లో అయితే పది లక్షల స్థాయిలో. వదిలేస్తే ఇవన్నీ ఎవరి పాట వారు పాడుకుంటాయి. అందుకే ఆ రంపపు పళ్లు.

ఒక భజన బృందాన్ని ఊహించుకోండి. ఒకరు నిమిషానికి 60 సార్లు తాళం వేస్తారు, పక్కాయన 61 సార్లు, ఆ పక్కాయన 62, అలా వందమంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు మొదలుపెడితే రోజంతా గోలే. అందరూ ఒక్క క్షణంలో మొదలుపెడితే? వెంటనే చెదిరిపోతారు, కానీ సరిగ్గా నిమిషం తిరిగేసరికి వందమంది తాళాలూ ఒక్కసారే మోగుతాయి. మళ్లీ చెదురు, మళ్లీ నిమిషానికి ఒక్క పెద్ద మోత. ఎవరూ తమ వేగం మార్చుకోలేదు. వేగాల మధ్య ఎడం సమానంగా ఉండటం, మొదలు కుదరడం, ఈ రెండే చాలు.

మీటరున్నర లేజరులో ఆ "నిమిషం" 10 నానోసెకన్లు, అంటే కాంతి ఒకసారి పోయివచ్చే కాలం. మోడ్‌లన్నీ దశ కలుపుకుంటే 10 నానోసెకన్లకొకసారి ఒకే చోట కలిసి మెరుస్తాయి, మిగతా కాలమంతా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మోడ్‌ల వరుస ఎంత విశాలమైతే ఆ మెరుపు అంత పొట్టిది. నియోడిమియం యాగ్‌లో అది పదుల పికోసెకన్ల దగ్గర, మహా అయితే కొద్ది పికోసెకన్ల దగ్గర ఆగుతుంది. టైటానియం-సఫైర్‌లో 100 ఫెమ్టోసెకన్లు మామూలు మాట, కష్టపడితే 5 దాకా దిగుతుంది. పికోసెకనులో వెయ్యో వంతు ఫెమ్టోసెకను. 100 ఫెమ్టోసెకన్ల పల్సు పొడవు 30 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కూడా లేదు. క్యూ-స్విచింగ్‌కు ఇక్కడే తలకిందులైంది. చోటంతా నిండే వెలుగు పోయి, మీటరున్నర ఖాళీలో వెంట్రుకవాసి పలక ఒకటి అటూ ఇటూ పరుగెడుతుంది. చివరి అద్దాన్ని తాకిన ప్రతిసారీ తనలో కొంత బయటికి వదులుతుంది. సెకనుకు 10 కోట్ల పల్సులు, దీపం వెలిగినంతసేపూ.

దశలు కలపడం ఎలా? 1964లో బెల్ ల్యాబ్స్‌లో హార్‌గ్రోవ్, ఫోర్క్, పొలాక్ హీలియం-నియాన్ లేజరులో శబ్దతరంగాలతో నడిచే తలుపులాంటిది పెట్టి, దాన్ని రాకపోక కాలానికి సరిపోయేలా తెరుస్తూ మూస్తూ సాధించారు. ఆ లయకు అందిన కాంతి బతుకుతుంది, అందనిది చస్తుంది. ఇంకో దారి మరీ తెలివైనది. బలహీనమైన కాంతిని పీల్చేసి, బలమైనదాన్ని వదిలేసే రంగుద్రావణమో పలకో లోపల పెడతారు. రంపపు పళ్లలో అన్నిటికంటే ఎత్తైనదానికి నష్టం అందరికంటే తక్కువ. ప్రతి రాకపోకలో అది కాస్త కాస్త ముందుకెళ్తుంది. అలా ఎన్నో రాకపోకలు గడిచేసరికి అది ఒక్కటే మిగులుతుంది. టైటానియం-సఫైర్‌లో ఆ పీల్చే వస్తువు కూడా అక్కర్లేదని 1991లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో విల్సన్ సిబ్బెట్ బృందం చూపించింది. తీవ్రమైన కాంతికి స్ఫటికమే చిన్న లెన్సులా మారి పల్సును సన్నగా కుదిస్తుంది, బలహీనమైన కాంతి కుదరక నష్టపోతుంది.

ఈ లేజర్లకు ఒక పెంకితనం ఉంది. చాలాసార్లు వాటంతటవి పల్సుల్లోకి రావు. నిలకడగా వెలుగుతూ కూర్చుంటాయి. అప్పుడు ప్రయోగశాలలో ఎవరో ఒకరు అద్దం పట్టును వేలితో ఒక తట్టు తట్టాలి. ఆ కుదుపుకు పుట్టిన ఎగుడుదిగుడుల్లో ఒకటి నిలదొక్కుకుంటుంది. స్పెక్ట్రోమీటరు తెర మీద సన్నటి గీత ఒక్కసారి విశాలమైన దిబ్బగా విచ్చుకుంటుంది, ఆసిలోస్కోపు మీద 10 నానోసెకన్లకొక మేకు చొప్పున వరుస పరుచుకుంటుంది. లక్షల రూపాయల యంత్రానికి ఈ మొట్టికాయ వైద్యం నాకు మహా ఇష్టం. ఆ మేకుల వెడల్పును చూసి మాత్రం పల్సు పొడవు చెప్పకూడదు. అది ఫోటోడయోడు మందకొడితనాన్ని చూపిస్తుంది, పల్సును కాదు. ఫెమ్టోసెకన్లను కొలవడానికి పల్సును రెండుగా చీల్చి, ఒక ముక్కను కొంచెం ఆలస్యం చేసి మళ్లీ కలిపే ఆటోకోరిలేటరు కావాలి.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెడదాం. సగటున 1 వాటు ఇచ్చే మోడ్ లాకింగ్ లేజరు ఆ వాటును సెకనుకు 10 కోట్ల పల్సులుగా పంచుతుంది. ఒక్కోదానికి దక్కేది 10 నానోజౌల్‌లు. అది 100 ఫెమ్టోసెకన్లలో వస్తే పల్సు శిఖరం 1 లక్ష వాట్లు. మన క్యూ-స్విచింగ్ పల్సుకు 2.5 లక్షలు. శిఖరాలు ఇంచుమించు ఒకే ఎత్తు, శక్తిలో మాత్రం లక్ష రెట్ల తేడా. క్యూ-స్విచింగ్ నిల్వను కూడబెట్టి ఒక్క దెబ్బలో ఖర్చు చేస్తుంది. మోడ్ లాకింగ్ కూడబెట్టదు, ఉన్న కాంతినే ఇరుకు క్షణంలోకి తోస్తుంది. "శక్తిమంతమైన లేజర్" అని ప్రకటనల్లో కనబడినప్పుడు ఎన్ని జౌల్‌లు, ఎంతసేపట్లో అన్న రెండు అంకెలూ లేకపోతే ఆ మాటకు అర్థం లేదు.

అందుకే పారిస్ యంత్రంలో ఉన్నది వట్టి మోడ్ లాకింగ్ కాదు. ఫ్లాష్ దీపంతో నడిచే లేజరులో రంగుద్రావణం పెడితే రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి. కొంతసేపు కాంతిని ఆపి నిల్వ పెరగనిస్తుంది, తెరుచుకున్నాక ఒక్క పన్నును తప్ప మిగతావాటిని చంపేస్తుంది. బయటికి వచ్చేది పదుల పికోసెకన్ల చిన్న పల్సుల గుంపు. దాన్ని పైనుంచి కప్పే గూను క్యూ-స్విచింగ్‌ది. పొరను అది బాగానే కోసింది. కానీ ఇలాంటి రంగుద్రావణాలు వెలుగుకు పాడవుతుంటాయి, మార్చుకుంటూ ఉండాలి. అద్దాల అమరిక కూడా సున్నితం. చదును బల్ల మీద, ఆసుపత్రి గదిలో, రోజూ పదుల మందికి వాడే యంత్రానికి అది బరువే. బెర్న్ యంత్రంలో అలాంటి గొడవ లేదు. ఈనాడు ఊళ్లలోని కంటి ఆసుపత్రుల్లో కనిపించే యాగ్ యంత్రాలు క్యూ-స్విచింగ్‌వే.

ఆనాడు పారిస్‌లో కావాలని చేసిన ఆ కలయిక, నిరంతరం నడిచే మోడ్ లాకింగ్ లేజరులో వద్దన్నా వస్తే జబ్బు. పీల్చే పలక సరిపడకపోయినా, లోపలి పల్సుకు తగినంత శక్తి లేకపోయినా పల్సుల వరుస సమంగా నిలవక అలల్లా లేచి పడుతుంది. అల శిఖరంలోని పల్సు మామూలుకు ఎన్నో రెట్లు బలిసి అద్దం పూతను కాల్చేయగలదు. ఆసిలోస్కోపులో 10 నానోసెకన్ల మేకులు మాత్రమే చూసుకుని సంతోషపడేవాళ్లకు ఇది దొరకదు. కాలం స్కేలును మైక్రోసెకన్లకు మార్చి చూస్తే మేకుల తలలు ఒకే గీత మీద ఉన్నాయో ఊగుతున్నాయో తెలిసిపోతుంది.

మోడ్ లాకింగ్ కంటి గదిలోకి మళ్లీ వచ్చింది, ఇంకో తలుపు గుండా. 1990ల మొదట్లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని జెరార్డ్ మూరూ ప్రయోగశాలలో ఒక విద్యార్థి కంటికి ఫెమ్టోసెకను లేజరు తగిలింది. ఆసుపత్రిలో పరీక్షించిన రాన్ కర్ట్స్ అనే యువ వైద్యుడికి ఆ గాయం అంత చిన్నగా, అంత నిక్కచ్చిగా ఉండటం వింతగా తోచింది. ఆ కుతూహలమే తర్వాత టిబోర్ యూహాస్‌తో కలిసి కంటి ఆపరేషన్లకు ఫెమ్టోసెకను లేజరు తయారుచేయడం దాకా వెళ్లింది. అద్దాలు మానడానికి చేసే లాసిక్‌లో కంటి పైపొరలో ఒక సన్నటి రేకు లేపాలి. అంతకుముందు బ్లేడుతో చేసిన ఆ పనిని ఈ లేజరు చేపట్టింది.

లెక్క చూడండి. 1 మైక్రోజౌల్, 500 ఫెమ్టోసెకన్లు, 3 మైక్రాన్ల చుక్క. శక్తి యాగ్ దెబ్బలో వెయ్యో వంతు. శిఖర సామర్థ్యం మాత్రం 20 లక్షల వాట్లు, ఎనిమిది రెట్లు ఎక్కువ. ప్లాస్మా పుడుతుంది, కానీ దాన్ని ఉబ్బించడానికి వెనక శక్తి లేదు. మిల్లీజౌల్ దెబ్బకు బుడగ మిల్లీమీటరు స్థాయిలో లేస్తే, ఇక్కడ అందులో చిన్న వంతే. అర మిల్లీమీటరు చిల్లర మందమున్న పొరలో, పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతున, పక్కపక్కన లక్షల చుక్కలు పెట్టి రేకు కోయాలంటే అలాంటి దెబ్బే కావాలి. క్యూ-స్విచింగ్ దెబ్బ అక్కడ పొరను చించి పారేస్తుంది.

అయితే మోడ్ లాకింగ్ లేజరు ఇచ్చేది నానోజౌల్‌లే కదా, మైక్రోజౌల్ ఎక్కడిది? వరుసలోంచి వేలల్లో ఒక పల్సును ఏరి, దాన్ని పెంచుతారు. నేరుగా పెంచితే శిఖరం ఎత్తుకు పెంచే స్ఫటికమే పగిలిపోతుంది. అందుకని ముందు పల్సును కాలంలో వేల రెట్లు సాగదీసి, నిదానంగా పెంచి, చివర్లో మళ్లీ కుదిస్తారు. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, ఇదే మూరూ కనిపెట్టిన ఈ పద్ధతికి 2018లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ పెంచే యంత్రం మూత తీసి చూస్తే రెండు అద్దాలు, మధ్యలో నిల్వతో నిండిన స్ఫటికం, పక్కన పోలరైజరు, కొన్ని వేల వోల్టుల పాకెల్స్ సెల్ కనిపిస్తాయి. హెల్వర్త్ ఏర్పాటే. తేడా ఒక్కటే. ఆయన లేజరు దారితప్పిన ఫోటాన్లతో మొదలయ్యేది, ఇది లోపలికి పంపిన పల్సుతో మొదలవుతుంది. ఆ పల్సు ఎన్నో రాకపోకలు తిరిగి నిల్వను తాగేశాక, సెల్ మళ్లీ వోల్టేజీ అందుకుని దాన్ని బయటికి తీస్తుంది.